స్లైడ్ ఫోటోలోని బుల్లెట్లను మెట్లు చెదరకుండా ఎత్తి రాయడం ఎలా

ట్రైనింగ్‌లో ఎవరో ఫోన్‌తో తీసిన స్లైడ్ ఫోటో గ్రూపులో పడుతుంది. "కాస్త టైపు చేసి పెట్టండి, జూమ్ చేసి చదవలేకపోతున్నాం" అని కింద నలుగురు అడుగుతారు. నేనూ ఒకసారి అలా కొట్టి పంపాను. పిల్లల విరేచనాల మీద స్లైడ్ అది. అక్షరం పొల్లు పోకుండా కొట్టాను గానీ లైన్లన్నీ ఎడమ అంచుకే ఆనించేశాను. మర్నాడు పొద్దున్నే ఒక ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "అన్నా, జింకు 14 రోజులే అని పైన రాశారు, కింద మళ్లీ 2–6 నెలలు అని ఉందేంటి? అన్ని నెలలు వేయాలా?"

ఆ 2–6 నెలలు బిడ్డ వయసు. స్లైడులో అది జింక్ లైను కింద, కాస్త లోపలికి జరిగి, పక్కనే ఇంకో వయసుతో జంటగా ఉంది. అందుకే అక్కడ చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. ఆ జరుపు తీసేసింది నేను.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. పనంతా మూడు విడతలు: ఫోటో సరిచేయడం, ప్రతి లైనూ ఎంత లోపలికి జరిగి ఉందో చెప్పే మెట్టు అంకె వేయడం, ఆ తర్వాతే టైపు చేయడం. తొందరపడి టైపింగ్‌తో మొదలుపెడితే మిగతా రెండూ అంచనాలుగా మారిపోతాయి. ఉదాహరణకు అదే స్లైడు తీసుకుందాం.

ముందు ఫోటోని నిటారుగా నిలబెట్టండి

హాల్లో పక్క కుర్చీలోంచి తీసిన ఫోటోలో స్లైడు దీర్ఘచతురస్రంలా ఉండదు, ఒక పక్కకు వాలి ఉంటుంది. ఎడమ అంచు కిందికి వచ్చేకొద్దీ కుడివైపు జరిగిందనుకోండి, దాంతోపాటు బుల్లెట్లూ జరుగుతాయి. అప్పుడు స్లైడు అడుగున ఉన్న మొదటి మెట్టు బుల్లెట్, పైన ఉన్న రెండో మెట్టు బుల్లెట్‌కి సరిగ్గా కిందికి వచ్చేస్తుంది. కళ్లు దాన్ని ఉపబుల్లెట్ అనే చదువుతాయి.

కాబట్టి డాక్యుమెంట్ స్కాన్ చేసే ఏదైనా ఫోన్ యాప్‌లో ఫోటో తెరిచి, నాలుగు మూలలనూ స్లైడు నాలుగు మూలల మీదికి లాగండి. గోడ, తెర చుట్టూ ఉన్న నల్ల పట్టీ, ముందు కూర్చున్నవాళ్ల తలలు, ఏవీ మిగలకూడదు. తర్వాత వెడల్పుని ఎత్తుతో భాగించి చూడండి. 1.33 దగ్గర వస్తే అది పాత 4:3 స్లైడు, 1.78 దగ్గర వస్తే 16:9. పాతదైతే బొమ్మ వెడల్పుని 960 పిక్సెళ్లకి, కొత్తదైతే 1280కి మార్చండి.

ఆ అంకెలే ఎందుకంటే, పవర్‌పాయింట్‌లో 4:3 స్లైడు వెడల్పు 10 అంగుళాలు, 2013 నుంచి మామూలుగా వచ్చే 16:9 స్లైడు వెడల్పు 13.33 అంగుళాలు. పైన చెప్పిన సైజుల్లో రెండింట్లోనూ ఒక అంగుళం 96 పిక్సెళ్లవుతుంది. పవర్‌పాయింట్ తనంతట తాను ఇచ్చే ఖాళీ టెంప్లేట్‌లో, పాతదైనా కొత్తదైనా, మొదటి మూడు మెట్ల బుల్లెట్ గుర్తులు అర అంగుళానికి ఒకటి చొప్పున లోపలికి జరుగుతాయి. అంటే మెట్టుకి 48 పిక్సెళ్లు. టెంప్లేట్ మార్చిన స్లైడులో ఈ అంకె వేరుగా ఉండొచ్చు. కానీ ఒకే స్లైడులో మెట్ల మధ్య దూరం ఒక పద్ధతిలోనే ఉంటుంది, మనకు కావలసింది అదే.

గుర్తుని కొలవండి, అక్షరాన్ని కాదు

బొమ్మని పెయింట్‌లో తెరిస్తే, మౌస్ ఎక్కడుందో కింద ఎడమ మూలన రెండు అంకెల్లో కనిపిస్తుంది. మనకు మొదటి అంకె చాలు. ప్రతి లైను మొదట్లో ఉన్న గుర్తు మీద మౌస్ పెట్టి ఆ అంకె రాసుకోండి. గుర్తు లేని లైనైతే మొదటి అక్షరం దగ్గర కొలిచి, పక్కన "గుర్తు లేదు" అని రాయండి. ఈ మాట తర్వాత చాలా అక్కరకొస్తుంది.

ఇంత కొలత ఎందుకు, గుర్తు ఆకారం చూస్తే మెట్టు తెలియదా అని మీకు అనిపించవచ్చు. తెలియదు. పవర్‌పాయింట్ 2007, 2010 ఖాళీ టెంప్లేట్‌లో గుర్తులు వరసగా చుక్క, గీత, మళ్లీ చుక్క, మళ్లీ గీత, ఆ తర్వాత ». అంటే మొదటి మెట్టుకీ మూడో మెట్టుకీ ఒకటే చుక్క. 2013 నుంచి వచ్చిన టెంప్లేట్‌లో అయితే అన్ని మెట్లకీ చుక్కే. అక్షరాల సైజు కొంత సాయం చేస్తుంది గానీ, లైను పట్టలేదని ఎవరైనా ఒక్క లైనునే చిన్నది చేసి ఉంటే అదీ మోసం చేస్తుంది. నా లెక్కలో మొదటి సాక్షి ఎడమ నుంచి దూరం. ఆకారం, సైజు ఆ సాక్ష్యాన్ని బలపరచడానికి మాత్రమే.

మన స్లైడు పాత 4:3 రకం. శీర్షిక కింద పదిహేను లైన్లున్నాయి. కొలిస్తే ఇలా వచ్చాయి:

```
 58  •  ఓఆర్‌ఎస్ ద్రావణం
106  –  ఒక లీటరు ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు
136     కాచి చల్లార్చిన నీటిలో కలపాలి
106  –  విరేచనమైన ప్రతిసారీ ఇవ్వాల్సింది
154  •  2 ఏళ్ల లోపు: 50–100 మి.లీ.
154  •  2 ఏళ్లు, ఆపైన: 100–200 మి.లీ.
106  –  కలిపి 24 గంటలు దాటితే పారబోయాలి
 58  •  జింక్ మాత్ర, రోజుకు ఒకసారి, 14 రోజులు
106  –  2–6 నెలలు: 10 మి.గ్రా.
106  –  6 నెలలు దాటితే: 20 మి.గ్రా.
 58  •  బిడ్డలో ఈ గుర్తులు కనిపిస్తే
106  –  ఏమీ తాగలేకపోవడం
106  –  మలంలో రక్తం
106  –  మత్తుగా పడి ఉండటం
 94     వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి
```

మీ కొలతలు ఇంత శుభ్రంగా రావు. 58 బదులు 55, 61 వస్తాయి. ఫరవాలేదు, మెట్టుకి 48 తేడా ఉన్నప్పుడు నాలుగైదు పిక్సెళ్ల చలనం లెక్కలోది కాదు. పై నుంచి కిందికి అంకె క్రమంగా పెరుగుతూ పోతుంటే మాత్రం ఫోటో ఇంకా వాలే ఉందని అర్థం. వెనక్కి వెళ్లి మూలలు మళ్లీ సర్దండి.

మడత పడిన లైనుని బుల్లెట్ అనుకోకండి

గుర్తు లేని లైన్లు రెండున్నాయి, 136 దగ్గర ఒకటి, 94 దగ్గర ఒకటి. చాలామంది తప్పు చేసేది వీటి దగ్గరే.

136 దగ్గర ఉన్నది పై లైను మడత. చోటు చాలక కిందికి దిగింది, అంతే. పాత టెంప్లేట్‌లో మొదటి మెట్టు బుల్లెట్‌కి అక్షరాలు గుర్తు నుంచి 36 పిక్సెళ్ల దూరంలో మొదలవుతాయి, మడత కూడా అక్కడే వచ్చి నిలబడుతుంది. రెండో మెట్టు గుర్తేమో 48 దగ్గర. రెండింటికీ మధ్య 12 పిక్సెళ్లే, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మసక ఫోటోలో, అందులోనూ గీత గుర్తు వెలిసిపోయి ఉంటే, మొదటి మెట్టు మడత రెండో మెట్టు బుల్లెట్‌లా కనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

అనుమానం వస్తే తెలుగే సాయం చేస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కదా. పై లైను "లీటరు", "నీటిలో", "ప్రతిసారీ", "ఉంటే", "బిడ్డకు" లాంటి మాట దగ్గర ఆగిపోయి, కింది లైను "కలపాలి", "ఇవ్వాలి" అని ముగిస్తే అవి ఒకే బుల్లెట్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంకో పరీక్ష: పై లైను కుడి అంచుదాకా వెళ్లిందా? వెళ్లకుండా మధ్యలోనే ఆగితే అది చోటు చాలక పడిన మడత కాదు, ఎవరో ఎంటర్ కొట్టి మొదలుపెట్టిన కొత్త లైను.

మడతను టైపు చేసేటప్పుడు పై లైనులో కలిపేయండి. స్లైడు వెడల్పుకి పడిన విరుపు మీ పేజీలో ఉండనక్కర్లేదు.

94 దగ్గర ఉన్న చివరి లైను సంగతి వేరు. "వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అన్నది "మత్తుగా పడి ఉండటం" అనేదానికి మడత కాదు. ఆ మడతైతే 136 దగ్గర ఉండేది. 94 అంటే 58కి 36 కలిపితే వచ్చేది, అంటే మొదటి మెట్టు అక్షరాలు మొదలయ్యే చోటు. స్లైడు రాసినావిడ "ఈ గుర్తులు కనిపిస్తే" అని మొదలుపెట్టి, మధ్యలో మూడు గుర్తులు ఉపబుల్లెట్లుగా ఇచ్చి, వాక్యాన్ని కింద ముగించింది. క్రియ చివర వచ్చే భాష కాబట్టి తెలుగు స్లైడుల్లో ఈ నిర్మాణం తరచూ కనిపిస్తుంది. దాన్ని మూడో గుర్తుకి అతికిస్తే, మత్తుగా ఉన్న బిడ్డని మాత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి అన్న అర్థం వస్తుంది. రక్తం పడుతున్న బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు మెట్టు అంకెలు వేయండి

58 ఉన్నదానికి 1, 106కి 2, 154కి 3 అని రాయండి. గుర్తు లేని లైన్లకి అది ఏ మెట్టు అక్షరాలకు కింద పడిందో ఆ అంకె, పక్కన కూడిక గుర్తు. మన స్లైడుకి ఇలా వస్తుంది:

```
1 2 2+ 2 3 3 2 1 2 2 1 2 2 2 1+
```

టైపు మొదలుపెట్టకముందే ఈ వరసని ఒకసారి చదవండి. కిందికి దిగేటప్పుడు అంకె ఒక్కొక్కటే పెరగాలి. 1 తర్వాత 3 వచ్చిందంటే మధ్యలో ఒక లైను మీ కంటికి ఆనలేదు, లేదా కొలత తప్పు, లేదా స్లైడు రాసినవాళ్లే ట్యాబ్ రెండుసార్లు నొక్కారు. పైకి ఎక్కేటప్పుడు ఆ నియమం లేదు, 3 నుంచి నేరుగా 1కి రావచ్చు.

స్లైడు రాసినవాళ్లదే తప్పనిపిస్తే ఏం చేయాలి? ఉదాహరణకు 24 గంటల లైను 154 దగ్గర ఉండి, వయసుల జాబితాలో మూడోదానిలా కనిపించిందనుకోండి. నేనైతే స్లైడులో ఉన్నట్టే ఉంచి, పక్కన చదరపు కుండలీకరణంలో "ఇది ఒక మెట్టు పైన ఉండాలేమో" అని రాస్తాను. ఎత్తి రాసేవాడు నోరు మెదపకుండా దిద్దితే, ఏది స్లైడుదో ఏది మనదో తర్వాత ఎవరికీ తెలియదు.

రెండు నిలువు వరసలున్న స్లైడైతే ఎడమ వరస మొత్తం ముగించి కుడి వరసకి వెళ్లండి. కుడి వరసలో మొదటి మెట్టు కొలత వేరే అంకె దగ్గర మొదలవుతుంది, దాన్ని లోతైన మెట్టు అనుకోకండి.

టైపు చేయడం

అడ్డగీతలు, ఖాళీలతోనే జాబితాలు రాసే మార్క్‌డౌన్ పద్ధతిలో రాస్తున్నారనుకుందాం. మూడు జాగ్రత్తలు చాలు.

ఒకటి, అన్ని మెట్లకీ ఒకే గుర్తు వాడండి, మామూలు అడ్డగీత. స్లైడులోని చుక్కను కాపీ చేసి తెచ్చి అతికించకండి. మార్క్‌డౌన్ ఆ చుక్కను జాబితా గుర్తుగా లెక్కపెట్టదు, లైన్లన్నీ కలిపి ఒకే పేరాగా ముద్ద చేస్తుంది. ఒకే మెట్టులో కొన్నింటికి అడ్డగీత, కొన్నింటికి నక్షత్రం పెట్టినా చిక్కే. గుర్తు మారిన చోట కొత్త జాబితా మొదలైందని అది అనుకుంటుంది.

రెండు, మెట్టుకి నాలుగు ఖాళీలు ఇవ్వండి. అడ్డగీత జాబితాకి రెండు ఖాళీలు చాలని చాలామంది చెబుతారు, చాలాచోట్ల నిజమే. కానీ పై మెట్టు "1." లాంటి అంకె అయితే కనీసం మూడు కావాలి, "10." అయితే నాలుగు. కొన్ని పాత ప్రోగ్రాములు దేనికైనా నాలుగే అడుగుతాయి. నాలుగు అలవాటు చేసుకుంటే వీటన్నిట్లోనూ నిలబడుతుంది.

మూడోది ఆ 1+ లైను. దాన్ని ఉపజాబితా వెంటనే రాస్తే, ఎన్ని ఖాళీలు ఇచ్చినా ఇవ్వకపోయినా, అది చివరి ఉపబుల్లెట్‌లో కలిసిపోతుంది. ముందు ఒక ఖాళీ లైను వదిలి, తర్వాత నాలుగు ఖాళీలు ఇచ్చి రాయాలి. అప్పుడది మొదటి మెట్టు బుల్లెట్ లోపలి పేరాగా నిలుస్తుంది.

```
- ఓఆర్‌ఎస్ ద్రావణం
    - ఒక లీటరు ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి
    - విరేచనమైన ప్రతిసారీ ఇవ్వాల్సింది
        - 2 ఏళ్ల లోపు: 50–100 మి.లీ.
        - 2 ఏళ్లు, ఆపైన: 100–200 మి.లీ.
    - కలిపి 24 గంటలు దాటితే పారబోయాలి
- జింక్ మాత్ర, రోజుకు ఒకసారి, 14 రోజులు
    - 2–6 నెలలు: 10 మి.గ్రా.
    - 6 నెలలు దాటితే: 20 మి.గ్రా.
- బిడ్డలో ఈ గుర్తులు కనిపిస్తే
    - ఏమీ తాగలేకపోవడం
    - మలంలో రక్తం
    - మత్తుగా పడి ఉండటం

    వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి
```

స్లైడు శీర్షికని జాబితాలో మొదటి బుల్లెట్‌గా పెట్టకండి. పైన విడిగా శీర్షికగానే ఉంచండి, లేకపోతే అన్ని మెట్లూ ఒకటి లోపలికి జరుగుతాయి.

వర్డ్‌లో అయితే స్పేస్ బార్ జోలికి పోవద్దు. జాబితా మొదలుపెట్టాక లైను మొదట్లో ట్యాబ్ నొక్కితే ఒక మెట్టు లోపలికి, షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే ఒక మెట్టు బయటికి. స్పేస్‌లు కొట్టి జరిపినది కంటికి మెట్టులా కనిపిస్తుంది గానీ ఫైలులో అది మెట్టు కాదు. ఫాంట్ మార్చగానే చెదురుతుంది. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకైతే ఆ మెట్టు అసలు వినపడదు.

ఫోటోలోంచి అక్షరాలు లాగే ఓసీఆర్ వాడితే టైపింగ్ తగ్గుతుంది, నేనూ వాడతాను. కానీ మామూలుగా అది లైన్లని ఎడమకి ఆనించే ఇస్తుంది. చుక్కని ఒకసారి e అని, ఒకసారి సున్నా అని చదువుతుంది. గీత గుర్తు తర్వాత అంకె ఉంటే దగ్గరికి తోసి మైనస్‌లా చేస్తుంది. మన జింక్ లైన్లో "– 2–6 నెలలు" అన్నదాంట్లో మొదటి గీత బుల్లెట్, రెండోది "నుంచి" అని. అందుకే అక్షరాలు దాని దగ్గర తీసుకున్నా, మెట్లు మాత్రం మీరు రాసుకున్న అంకెల వరస నుంచే వేయండి.

పంపేముందు సరిచూసుకోవడం

ఫోటోలో గుర్తులు లెక్కపెట్టండి: మన స్లైడులో మొదటి మెట్టువి 3, రెండో మెట్టువి 8, మూడో మెట్టువి 2, మొత్తం 13. టైపు చేసినదాంట్లోనూ లైను మొదట అడ్డగీతలు 13 ఉండాలి. 14 వస్తే ఎక్కడో మడతని బుల్లెట్ చేశారు, 12 వస్తే ఒక బుల్లెట్‌ని పై లైనులో కలిపేశారు. మొత్తం సరిపోయి మెట్టువారీ లెక్క తేడా వస్తే జరుపు తప్పింది.

తర్వాత ప్రివ్యూ తెరిచి చూడండి, టైపు చేసిన కిటికీలో కాదు. ఆ 1+ లైను "మత్తుగా పడి ఉండటం" పక్కన కాకుండా "బిడ్డలో ఈ గుర్తులు" అన్న మాటలకి నిట్టనిలువుగా కింద కనిపించాలి. పక్కన అతుక్కుని ఉంటే ఖాళీ లైను వదలడం మరిచిపోయారు.

ఇక గ్రూపులో మెసేజ్‌గా పంపాలంటే, అక్కడ లైను మొదటి ఖాళీలు నిలుస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. నేను అలాంటప్పుడు పై మెట్టు మాటని ప్రతి ఉపబుల్లెట్ ముందూ మళ్లీ రాసేస్తాను: "జింక్, వయసు 2–6 నెలలు: 10 మి.గ్రా., 14 రోజులు." పక్కనే స్లైడు ఫోటో కూడా పెడతాను. రెండోసారి ఆ స్లైడుని ఈ రూపంలో పంపినప్పుడు ఆశా కార్యకర్త నుంచి ఫోన్ రాలేదు, బొటనవేలు గుర్తు ఒక్కటి వచ్చింది.